గుద్దిన బండికి ఇన్సూరెన్స్ లేదు: గాయపడ్డవాళ్లకు డబ్బు ఎవరిస్తారు?

ప్రశ్న: నాలుగు నెలల క్రితం నేను, మా ఆయన స్కూటర్ మీద పెళ్లికి వెళ్తుంటే పక్క డొంకరోడ్డు నుంచి ఒక బైక్ ఒక్కసారిగా మెయిన్ రోడ్డెక్కి మమ్మల్ని గుద్దింది. ఆయన కాలికి రాడ్డు, నా కుడి మణికట్టుకు ప్లేటు వేశారు. నేను ఇంట్లో కుట్టుపని చేస్తాను, అప్పట్నుంచి కత్తెర పట్టుకోలేదు. ఆ బైక్‌కి ఇన్సూరెన్స్ లేదని స్టేషన్‌లో చెప్పారు. మా స్కూటర్ ఆయన పేరు మీదే ఉంది, ఫుల్ ఇన్సూరెన్స్ ఉంది. ఏజెంటు మీ పాలసీలోనే అన్నీ వస్తాయంటాడు. కోర్టులో పనిచేసే తెలిసినాయన ఏమీ రాదంటున్నాడు. ఆ అబ్బాయి తరఫువాళ్లు 40 వేలిస్తాం, రాజీ పడమంటున్నారు. మా ఆయన కూడా ఆ రోజు కొంచెం స్పీడుగానే ఉన్నారు, అబద్ధం ఎందుకు చెప్పాలి? మేం ఎవరిని అడగాలి? (తెనాలి దగ్గర నుంచి ఒక పాఠకురాలు)

సమాధానం: అమ్మా, ముందు తేదీ సంగతి చూసుకోండి. మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్ ప్రకారం ప్రమాదం జరిగిన 6 నెలల్లోపు ప్రమాద పరిహారం తేల్చే ట్రిబ్యునల్‌లో క్లెయిమ్ వేయాలి. 2022 ఏప్రిల్ 1 నుంచి ఈ గడువు అమల్లో ఉంది. అంతకుముందు చాలా ఏళ్లపాటు గడువే లేదు. అందుకే పాత అలవాటు మీద 'తొందరేముంది, ఛార్జిషీటు రానివ్వండి' అనేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు. మీకు మిగిలింది రెండు నెలలే. ఛార్జిషీటు కోసం ఆగొద్దు. ఎఫ్ఐఆర్ కాపీ, ఆసుపత్రి కాగితాలు ఉంటే పిటిషన్ వేయవచ్చు, మిగతావి తర్వాత జతచేయవచ్చు. ప్రమాదం జరిగిన చోటే వేయాలన్న నియమం లేదు, మీరు నివసించే ప్రాంతానికి చెందిన ట్రిబ్యునల్‌లోనూ వేయవచ్చు.

ఇక ఆ బైక్‌కి ఇన్సూరెన్స్ లేదన్న మాట. దాన్ని అప్పుడే నమ్మకండి. స్టేషన్‌లో ఆ మాట సాధారణంగా రెండు విధాలుగా పుడుతుంది. నడిపిన వ్యక్తి కాగితం చూపించలేకపోయి ఉంటాడు, లేదా యాప్‌లో బండి నంబరు కొడితే గడువు దాటిన తేదీ కనిపించి ఉంటుంది. 2018 సెప్టెంబరు 1 నుంచి కొత్తగా అమ్మే ప్రతి టూ వీలర్‌కీ 5 ఏళ్ల థర్డ్ పార్టీ పాలసీ తప్పనిసరి. షోరూమ్‌లో సాధారణంగా ఇచ్చే పాలసీలో బండి రిపేర్ల భాగం ఒక ఏడాదికే ఉంటుంది, థర్డ్ పార్టీ భాగం 5 ఏళ్లకు ఉంటుంది. ఏడాది తర్వాత రిన్యూ చేయించకపోతే ఓనరే 'ఇన్సూరెన్స్ అయిపోయింది' అనుకుంటాడు. అయిపోయింది సొంత బండి రిపేర్ల భాగమే. మీలాంటి వాళ్లకు డబ్బిచ్చే భాగం ఇంకా బతికే ఉంటుంది.

నా దగ్గరికి వచ్చిన ఒక కేసులో ఇలాగే జరిగింది. ఎఫ్ఐఆర్‌లోనూ, బ్రేక్ ఇన్‌స్పెక్టర్ రిపోర్టులోనూ ఇన్సూరెన్స్ లేదనే రాశారు. బండి కొని మూడేళ్లు కూడా కాలేదని సీ బుక్‌లో చూసి అనుమానమొచ్చింది. షోరూమ్‌వాళ్లిచ్చిన కాగితాలన్నీ తెమ్మని ఓనర్‌ని అడిగాం. పాపం అతనూ దాచాలని దాచలేదు. బండి సీటు కింద టూల్ కిట్ పక్కన, ప్లాస్టిక్ కవర్లో నాలుగు మడతలు పెట్టి ఉంది పాలసీ. వానకు తడిసి మడతల దగ్గర అక్షరాలు పోయాయి. పాలసీ నంబరు, థర్డ్ పార్టీ గడువు తేదీ మాత్రం చదవగలిగాం. అంతటితో కేసు స్వరూపమే మారిపోయింది. కాబట్టి ఆ బైక్ రిజిస్ట్రేషన్ తేదీ ముందు కనుక్కోండి. 5 ఏళ్లలోపు బండి అయితే అమ్మిన షోరూమ్‌ని అడగండి, మీ లాయరు ద్వారా పోలీసులతో లిఖితపూర్వకంగా అడిగించండి. బండి చేతులు మారిందేమో కూడా చూడండి. పాత ఓనరు పేరు మీద ఉన్న పాలసీ గడువులో ఉంటే, థర్డ్ పార్టీ వరకు అది కొత్త ఓనరుకు బదిలీ అయినట్టే చట్టం చూస్తుంది.

నడిపిన వ్యక్తికి లైసెన్స్ లేదు కాబట్టి ఇన్సూరెన్స్ కూడా లేనట్టే అని కొందరు కలిపేస్తారు. అవి వేరు వేరు. పాలసీ ఉండి లైసెన్స్ లేకపోతే, కంపెనీ ముందు మీకు చెల్లించి తర్వాత ఓనరు దగ్గర వసూలు చేసుకోవాలని కోర్టులు చాలా కేసుల్లో ఆదేశిస్తాయి. పాలసీయే లేకపోతే ఆ దారి లేదు, ముందుగా చెల్లించడానికి అటువైపు కంపెనీ ఉండదు. అలాగే గుద్ది పారిపోయిన బండ్ల కేసుల్లో ప్రభుత్వం ఇచ్చే పరిహారం మీకు వర్తించదు. అది బండి ఏదో తెలియనప్పుడే.

ఇంత వెతికినా పాలసీ లేదనే తేలిందనుకుందాం. అప్పుడు మీ సొంత పాలసీ సంగతి. ఏజెంటు మాటా పూర్తి నిజం కాదు, కోర్టులో పనిచేసే ఆయన మాటా పూర్తి నిజం కాదు. ఒకే స్కూటర్ మీద వెళ్లి ఒకే చోట పడిన మీ ఇద్దరికీ ఒకే పాలసీ రెండు రకాలుగా పనిచేస్తుంది.

మీవారి సంగతి ముందు చెప్తాను, అది చిన్నది. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ అంటే బండి ఓనరు ఇతరులకు పడిన బాకీని కంపెనీ తీర్చడం. స్కూటర్ ఓనరూ ఆయనే, నడిపిందీ ఆయనే. తనకు తాను బాకీ పడడు కాబట్టి ఆయన గాయాలకు ఆ భాగం నుంచి రూపాయి రాదు. పాలసీలో ఓనర్-డ్రైవర్‌కు 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ ఉండి ఉంటుంది. ఏజెంటు మనసులో ఉన్నది బహుశా అదే. కానీ అది మరణానికి, కాలో చెయ్యో కన్నో కోల్పోయినప్పుడు, పూర్తి శాశ్వత వైకల్యానికి మాత్రమే ఇస్తారు. ఎముక విరిగి రాడ్డు వేస్తే, ఆసుపత్రి ఖర్చులకు అది పనికిరాదు. స్కూటర్ రిపేరు మాత్రం మీ పాలసీలో చేయించుకోవచ్చు. నో క్లెయిమ్ బోనస్ పోతుంది, అంతే. ఆయన గాయాల పరిహారం కోసం అడగాల్సింది బైక్ ఓనర్‌నీ నడిపిన వ్యక్తినీ మాత్రమే.

మీ విషయం వేరు. మీరు వెనక కూర్చున్నారు. మీ పాలసీ ప్యాకేజీ పాలసీ అయితే, అంటే మనం ఫుల్ ఇన్సూరెన్స్ అనేది అయితే, వెనక కూర్చున్నవాళ్ల పట్ల ఓనరు బాధ్యత అందులో కవర్ అవుతుంది. ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ 2009లోనే ఇది స్పష్టం చేసింది, 2012లో సుప్రీంకోర్టు కూడా దాన్నే అనుసరించింది. ఉత్త థర్డ్ పార్టీ పాలసీ అయితే స్కూటర్ వెనక సీటుకు ఈ కవర్ లేదని సుప్రీంకోర్టు 2006లోనే చెప్పింది. అందుకని ఇవాళే పాలసీ కాగితం తీసి, ప్రమాదం జరిగిన రోజుకు సొంత డ్యామేజీ భాగం, అంటే సొంత బండి రిపేర్ల భాగం కూడా అమల్లో ఉందా లేదా చూడండి. కొన్నప్పుడు ఫుల్‌గా ఉండి, రెండో ఏడాది ఆ భాగం రిన్యూ చేయించకపోతే మీ చేతిలో మిగిలేది ఉత్త థర్డ్ పార్టీయే. 'మాకు ఫుల్ ఇన్సూరెన్స్ ఉంది' అని వచ్చినవాళ్లలో కొందరి ఆశ ఈ ఒక్క లైను దగ్గరే ఆగిపోవడం చూశాను. ఒకవేళ సొంత డ్యామేజీ ఒక కంపెనీలో, థర్డ్ పార్టీ ఇంకో కంపెనీలో ఉంటే రెండు కంపెనీలనీ పిటిషన్‌లో చేర్చండి. లేకపోతే ఒకరి మీద ఒకరు చెప్పుకుంటారు.

ఇప్పుడు మీరు ఉత్తరం చివర రాసిన నిజాయితీ మాట దగ్గరికి వస్తాను, మీ కేసులో అదే కీలకం. స్కూటర్ కంపెనీ మీకు డబ్బు ఇవ్వాలంటే, ప్రమాదంలో మీవారి తప్పు ఎంతో కొంత ఉండాలి. తప్పంతా బైక్‌దే అయితే మీవారు మీకు బాకీ లేరు, ఆయన కంపెనీకీ బాధ్యత ఉండదు. కానీ ఇద్దరు డ్రైవర్ల తప్పూ కలిసి మూడో మనిషికి దెబ్బలు తగిలితే, ఆ మూడో మనిషి ఇద్దరిలో ఎవరి దగ్గరనుంచైనా మొత్తం పరిహారం తీసుకోవచ్చు. చెల్లించినవాళ్లు తమ వాటాకు మించినదాన్ని రెండోవాళ్ల దగ్గర రాబట్టుకోవాలి. 2015లో ఖెన్యేయి కేసులో సుప్రీంకోర్టు తేల్చిన సూత్రమిది.

అంకెలతో చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. మీరు వివరాలు రాయలేదు కాబట్టి నేనే వేసుకుంటున్నాను. మీ వయసు 37, కుట్టుపని మీద నెలకు 12,000 ఆదాయం అనుకుందాం. సొంత పని చేసుకునేవాళ్లకు 40 ఏళ్లలోపు భవిష్యత్తు పెరుగుదల కింద 40 శాతం కలుపుతారు, 16,800 అవుతుంది. ఏడాదికి 2,01,600. ఏడాది ఆదాయాన్ని వయసును బట్టి ఒక గుణకంతో హెచ్చిస్తారు. 36 నుంచి 40 ఏళ్ల వయసుకు అది 15, కాబట్టి 30,24,000. ఇప్పుడు వైకల్యం. మెడికల్ బోర్డు చేతికి ఇచ్చిన శాతాన్నే ట్రిబ్యునల్ తీసుకోదు, ఆ చెయ్యి వల్ల సంపాదన ఎంత తగ్గిందో చూస్తుంది. అది 15 శాతం అని తేల్చితే 4,53,600. ఆసుపత్రి బిల్లులు 1,80,000, పని లేని 4 నెలలకు 48,000, నొప్పి, బాధ వగైరాలకు 75,000 కలిపితే 7,56,600.

ట్రిబ్యునల్ బైక్‌ది 75 శాతం, స్కూటర్‌ది 25 శాతం తప్పు అని తేల్చిందనుకోండి. మీకు స్కూటర్ కంపెనీ 1,89,150 మాత్రమే ఇచ్చి, మిగతా 5,67,450 కోసం బైక్ ఓనరు వెంట పడమనడానికి వీల్లేదు. మొత్తం 7,56,600 దాని దగ్గరే తీసుకోవచ్చు. బైక్ ఓనర్‌తో కంపెనీ పడుతుంది. మీవారికి మాత్రం ఈ 25 శాతం ఎదురు తిరుగుతుంది. ఆయన పరిహారం 6,00,000 అని తేలినా, తన తప్పు వాటా 1,50,000 పోను 4,50,000కే ఆర్డరు వస్తుంది. అదీ ఇన్సూరెన్స్ లేని బైక్ ఓనరు మీద.

కాబట్టి ఇద్దరూ విడివిడిగా పిటిషన్లు వేయాలి. మీ పిటిషన్‌లో బైక్ నడిపిన వ్యక్తి, బైక్ ఓనరు, స్కూటర్ ఓనరుగా మీవారు, స్కూటర్ కంపెనీ, అందరూ ప్రతివాదులే. భర్త మీద కేసు వేయడమేమిటని ఇంట్లో టెన్షన్ పడొద్దు. పాలసీ, ఆయన లైసెన్స్ అమల్లో ఉంటే డబ్బు కట్టేది కంపెనీయే, ఆయన జేబులోంచి పోదు. లైసెన్స్ గడువు కూడా చూసుకోండి, అక్కడ లోపం ఉంటే కంపెనీ మొదట పట్టుకునేది దాన్నే. మీ ఇద్దరి వాదనలు ఒకదానికొకటి అడ్డం వస్తాయి కాబట్టి ఇద్దరికీ వేరు వేరు లాయర్లుంటే మంచిది.

ఒక్క జాగ్రత్త. డబ్బు కోసం జరగని తప్పును మీవారి మీద వేయకండి, జరిగినదాన్ని దాచకండి. ఆసుపత్రి బెడ్ మీద ఆయన ఇచ్చిన స్టేట్‌మెంట్ ఎఫ్ఐఆర్‌లో ఉంటుంది. అందులో 'నేను నిదానంగా వెళ్తుండగా' అని రాసి ఉంటే కంపెనీ లాయరు మిమ్మల్ని క్రాస్‌లో అడిగే మొదటి ప్రశ్న అదే. ఆ మాట స్టేషన్‌లో అలవాటుగా రాసేస్తుంటారు. ట్రిబ్యునల్ దానికే కట్టుబడదు. పోలీసులు గీసిన రఫ్ స్కెచ్, స్కూటర్‌కు ముందు దెబ్బ తగిలిందా పక్క నుంచా అన్న బ్రేక్ ఇన్‌స్పెక్టర్ రిపోర్టు, బ్రేక్ గీత పొడవు చూస్తుంది. ఈ మూడు కాపీలు తెప్పించుకుని, మీకు గుర్తున్నది గుర్తున్నట్టే చెప్పండి.

మీవారి తప్పేమీ లేదని తేలే ప్రమాదం ఉందనిపిస్తే 164వ సెక్షన్ ఉంది. ఎవరి తప్పో నిరూపించక్కర్లేదు, బండి వాడకం వల్ల తీవ్ర గాయమైతే బండి ఓనరు లేదా కంపెనీ 2,50,000 ఇవ్వాలి. ఎముక విరగడం చట్టం దృష్టిలో తీవ్ర గాయమే. కానీ ఆ డబ్బు తీసుకుంటే 166 కింద పెద్ద క్లెయిమ్ రద్దయిపోతుంది. పైన వేసిన లెక్కలో 7,56,600 వచ్చే చోట 2,50,000తో ఆగాల్సి వస్తుంది. కంపెనీవాళ్లు ముందుగానే ఈ మొత్తం ఇస్తామని కాగితం తెస్తే, మీ వైకల్యం ఎంతో తేలకముందు సంతకం పెట్టకండి.

ఇక బైక్ ఓనరు. మీవారి పరిహారమంతా ఆయన మీదే ఆధారపడి ఉంది కాబట్టి ఇది కూడా అంతే ముఖ్యం. బైక్ ఇప్పుడు స్టేషన్ ఆవరణలో ఉంటే, దాన్ని విడిపించుకోవడానికి ఓనరు మేజిస్ట్రేట్ కోర్టులో పిటిషన్ వేస్తాడు. ఇన్సూరెన్స్ లేని బండిని తగిన సెక్యూరిటీ ఇస్తేనే విడుదల చేయాలని, 3 నెలల్లో ఇవ్వకపోతే వేలం వేసి ఆ డబ్బు ట్రిబ్యునల్‌లో జమ చేయాలని చెప్పే నిబంధనను రాష్ట్రాలన్నీ పెట్టుకోవాలని 2018లో సుప్రీంకోర్టు ఆదేశించింది. బాధితుల తరఫున ఎవరూ రాకపోతే ఈ పాయింటు ఎవరికీ గుర్తుండదు. చిన్న పూచీకత్తు మీద బండి వెళ్లిపోతుంది. మీ లాయరు వెంటనే ఆ కోర్టులో హాజరై అభ్యంతరం చెప్పాలి. పాత బైక్ వేలానికి వచ్చేది కొద్దిపాటి డబ్బే. అసలు లాభం, బండి కావాలంటే ఆస్తి ఉన్న మనిషి ఎవరో ముందుకొచ్చి సెక్యూరిటీ ఇవ్వాల్సి రావడం.

ఓనరు ఎవరన్నది కూడా సీ బుక్ చూసే తేల్చండి. మన ఊళ్లలో బైక్ ముగ్గురి చేతులు మారినా పేరు మార్చరు. అమ్మేశాను, నాకేం సంబంధం అనే మాట చెల్లదు. రిజిస్ట్రేషన్‌లో ఎవరి పేరుందో వాళ్లే ఓనరని సుప్రీంకోర్టు 2018లోనే స్పష్టం చేసింది. నడిపిన అబ్బాయికి ఏమీ లేకపోయినా, పేరు మార్పించని పాత ఓనరుకు ఉద్యోగమో ఇల్లో పొలమో ఉండవచ్చు. ఆర్డరు వచ్చాక కట్టకపోతే ట్రిబ్యునల్ ఇచ్చే సర్టిఫికెట్ మీద కలెక్టరు భూమి శిస్తు బకాయిలాగా వసూలు చేయవచ్చు, అది 174వ సెక్షన్. ఈలోగా ఆస్తి బంధువుల పేరు మీద రాసేస్తున్నారని తెలిస్తే ఈసీ తీయించి వెంటనే మీ లాయరుకు చెప్పండి. నిజం చెప్పాలంటే, ఏ ఆస్తీ లేని ఓనరు అయితే ఆర్డరు చేతిలో ఉన్నా డబ్బు రావడం చాలా కష్టం. మీవారి విషయంలో ఈ ప్రమాదం ఉంది.

అందుకే 40 వేల రాజీని మీ ఇద్దరికీ కలిపి ఆలోచించకండి. మీరైతే ఒప్పుకోవద్దు. బైక్ వాళ్లను వదిలేస్తూ మీరు సంతకం చేస్తే, వాళ్ల దగ్గర వసూలు చేసుకునే తన హక్కును మీరే పోగొట్టారని స్కూటర్ కంపెనీ మీ మీదే వాదిస్తుంది. మీవారు మాత్రం సీ బుక్‌లో పేరున్న మనిషి ఆస్తి చూశాక నిర్ణయం తీసుకోవచ్చు. అప్పుడు కూడా ట్రిబ్యునల్ ముందో లోక్ అదాలత్‌లోనో, డబ్బు డీడీగా చేతికొచ్చాకే. పెద్దమనుషుల ముందు తెల్ల కాగితం మీద సంతకాలు పెట్టి, సగం ఇప్పుడు, సగం పంట వచ్చాక అంటే వద్దనండి.

వైకల్యం సర్టిఫికెట్‌కు వెళ్లేటప్పుడు డాక్టరుకు మణికట్టు ఎంత వంగుతోందో చూపించడంతో ఆగకండి. మీ కత్తెర తీసుకెళ్లి దళసరి గుడ్డ కత్తిరించి చూపించండి. ఎన్ని అంగుళాల దగ్గర చెయ్యి ఆగిపోతోందో, మునుపు రోజుకు ఎన్ని జాకెట్లు కుట్టేవారో ఆయన రాయగలిగితే రాయమని అడగండి. తర్వాత ఆ డాక్టరు ట్రిబ్యునల్‌కు వచ్చి సాక్ష్యం చెప్పాలి. కుట్టుపని ఆదాయానికి పే స్లిప్ ఉండదు కాబట్టి మీ కొలతల పుస్తకం, కస్టమర్లు ఫోన్ పేలో పంపిన డబ్బుల స్టేట్‌మెంట్, దారాలు, లైనింగులు కొన్న బిల్లులు భద్రపరచండి. ఆ కొలతల పుస్తకంలో ప్రమాదం తేదీ తర్వాత ఖాళీగా ఉన్న పేజీలను కూడా చింపకుండా అలాగే ఉంచండి.